‘వాడిన వస్తువు, వెనక్కి తీసుకోం’ అని మెయిల్ వస్తే జవాబులో ఏం రాయాలి

ప్రశ్న: ఆన్‌లైన్‌లో లాప్‌టాప్ కొన్నాను. సోమవారం సాయంత్రం వచ్చింది, ఆ రాత్రే సెటప్ చేశా. మంగళవారం నుంచి స్క్రీన్ కుడివైపు కింది మూల మినుకుమంటోంది, మూత కాస్త కదిపితే ఇంకా ఎక్కువవుతోంది. బుధవారం ఉదయం రిటర్న్ పెట్టా, శుక్రవారం కొరియర్ అతను వచ్చి తీసుకెళ్లాడు. ఇప్పుడు మెయిల్ పెట్టారు: ‘ఇన్‌స్పెక్షన్‌లో ప్రొడక్ట్ వాడినట్టు తేలింది. యూజర్ అకౌంట్ ఉంది, మూత మీద గీత ఉంది. రిటర్న్ తిరస్కరించాం.’ గీతది ఒక ఫొటో జత చేశారు. మినుకుమనే వీడియో నా దగ్గర ఉంది, అన్‌బాక్సింగ్ వీడియో మాత్రం తీయలేదు. వాడలేదని గట్టిగా రాద్దామనుకున్నా, కానీ రెండు రోజులు వాడిన మాట నిజమే కదా. ఏం రాయాలి?

జవాబు:

‘వాడలేదు’ అని మాత్రం రాయకండి. అది అబద్ధం అన్నది ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, ఆ మాట రాశారంటే గొడవంతా వాళ్లకి కావలసిన చోటికి వెళ్లిపోతుంది. అప్పుడు తేలాల్సింది ‘వాడారా, వాడలేదా’ అన్నది ఒక్కటే అవుతుంది, యూజర్ అకౌంట్ చూపించి వాళ్లు గెలుస్తారు, స్క్రీన్ మాట ఎవరూ ఎత్తరు. ఇప్పుడు మీకు వచ్చిన మెయిల్ ఇంకోసారి చదవండి. మినుకుమనడం గురించి అందులో ఒక్క ముక్క ఉందా? లేదు. మీరు ఒక విషయం చెప్పి వెనక్కి పంపితే, వాళ్లు ఇంకో విషయానికి జవాబిచ్చారు. మీ జవాబు మొత్తం ఈ ఖాళీని చూపించడం మీదే నిలబడాలి.

నేను చాలాకాలం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర రిటర్న్‌ల విభాగంలో పనిచేశాను, ఇప్పుడు అప్పుడప్పుడు కొన్నవాళ్ల తరఫున ఇలాంటి జవాబులు రాసిపెడుతుంటాను. ‘వాడిన వస్తువు’ అన్న మాట ఎలా పుడుతుందో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. గోడౌన్‌లో పెట్టె విప్పే మనిషికి ఒక్కో వస్తువు మీద పెట్టడానికి చాలా తక్కువ టైమ్ ఉంటుంది. పెట్టె విప్పి, ఆన్ చేసి, పైపైన చూసి, స్క్రీన్ మీద ఉన్న నాలుగైదు కారణాల్లో ఒకటి నొక్కుతాడు. సెటప్ స్క్రీన్ రావాల్సిన చోట మీ పేరుతో లాగిన్ స్క్రీన్ వచ్చిందంటే అతనికి అది ‘వాడినది’, అంతే. మీరు రాసిన ఫిర్యాదు చాలాసార్లు అతని ముందు ఉండనే ఉండదు. తర్వాత మీకు మెయిల్ పంపిన మనిషి లాప్‌టాప్‌ని చూసి కూడా ఉండడు. అతనికి కనబడేది ఆ నొక్కిన కారణం, ఒక ఫొటో. కాబట్టి ఆ మెయిల్‌ని మీ నిజాయితీ మీద నింద అనుకుని కోపంతో జవాబు రాయకండి. ‘నన్ను దొంగ అంటారా’ అన్న ధోరణిలో వచ్చిన మెయిల్స్‌కి తయారుగా ఉన్న మూసజవాబు ఒకటి వెళ్లిపోతుంది. ఫలానా తేదీ, ఫలానా నంబరు, ఫలానా ప్రశ్న అని ఉన్న మెయిల్ అయితే పైవాళ్లకి పంపక తప్పదు, ఎందుకంటే దానికి సరిపడే మూసజవాబు ఉండదు.

ఇక అసలు సంగతి. రిటర్న్‌లు రెండు రకాలు, ‘వాడారు’ అన్న మాటకి ఈ రెండింట్లో ఉన్న విలువ ఒకటి కాదు. మనసు మారి పంపేది ఒకటి: రంగు నచ్చలేదు, సైజు సరిపోలేదు, ఇంకోచోట ఇంకోటి నచ్చింది. అక్కడ అమ్మినవాడు దాన్ని మళ్లీ కొత్తదిగా అమ్ముకోగలగాలి, అందుకే వాడకం లెక్కలోకి వస్తుంది. అక్కడ కూడా కొలత ఏమిటంటే, షాపులో నిలబడి చేసి చూసేంత చూడటం తప్పు కాదు, దాన్ని దాటితే వాళ్ల మాటలో న్యాయం ఉంటుంది. రెండోది లోపం వల్ల పంపేది. అక్కడ వాడకపోతే లోపం తెలిసే దారే లేదు. స్క్రీన్ మినుకుమంటోందని తెలియాలంటే స్క్రీన్ వెలగాలి, వెలగాలంటే ఆన్ చేయాలి, ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావరకు అకౌంట్ పెట్టనిదే డెస్క్‌టాప్ దాకా పోనివ్వవు. కాబట్టి లోపం ఉందన్న ఫిర్యాదుకి ‘వాడారు’ అన్నది జవాబే కాదు. దానికి ఉన్న జవాబులు రెండే: ‘చూశాం, లోపం లేదు’ అనాలి, లేదా ‘లోపం ఉంది కానీ అది మీ వల్ల వచ్చింది’ అనాలి. మీ మెయిల్ వాళ్లని ఈ రెండింట్లో ఏదో ఒకటి చెప్పక తప్పని చోటికి తేవాలి.

అందుకే రాసే ముందు ఒకటి చూసుకోండి. రిటర్న్ పెట్టినప్పుడు ఏ కారణం ఎంచుకున్నారు? ‘లోపం ఉంది’, ‘సరిగా పనిచేయడం లేదు’ లాంటిది అయితే మొదటి వాక్యంలోనే దాన్ని పెట్టండి, స్క్రీన్‌షాట్ జత చేయండి. తొందరగా తీసుకుంటారని కొందరు ‘ఇక అవసరం లేదు’ అన్నది నొక్కేస్తుంటారు. మీరూ అలా చేసి ఉంటే దాచకండి, కామెంట్ బాక్సులో గానీ చాట్‌లో గానీ మినుకుమనడం గురించి ఆ రోజే రాసి ఉంటే దాన్ని చూపించండి. అదీ లేకపోతే కేసు బలహీనపడుతుంది, అప్పుడు మీకు మిగిలేది ఆ వీడియో తేదీ ఒక్కటే.

తర్వాత మీ వాడకం గురించి మీరే ముందు చెప్పేయండి, వాళ్లు తవ్వి తీసేదాకా ఆగకండి. సోమవారం సాయంత్రం అందింది, రాత్రి సెటప్ చేశాను, మంగళవారం ఇంత సేపు వాడాను, ఫలానా టైమ్‌కి మొదటిసారి మినుకుమనడం చూశాను, బుధవారం ఉదయం రిటర్న్ పెట్టాను, ఆ తర్వాత ఆన్ చేయలేదు. చివరి ముక్క నిజమైతేనే రాయండి. గంటలు గుర్తులేకపోతే ‘సుమారు’ అనండి. ఈ నిజాయితీకి ఒక లెక్క ఉంది: యంత్రం తన వాడకాన్ని తనే రాసిపెట్టుకుంటుంది. మీరు చెప్పినదానికీ దాని లెక్కకీ పొంతన కుదిరితే మీ మిగతా మాటలన్నిటికీ బలం వస్తుంది, కుదరకపోతే వీడియో ఉన్నా ఎవరూ నమ్మరు.

ఆ లెక్క గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొడితే ఒక రిపోర్ట్ ఫైల్ తయారవుతుంది:

```
powercfg /batteryreport
```

ఫైల్ ఎక్కడ పెట్టిందో కిందే చూపిస్తుంది, బ్రౌజర్‌లో తెరవాలి. అందులో CYCLE COUNT అని ఒక లైన్ ఉంటుంది. ఒక సైకిల్ అంటే ఒకసారి చార్జింగ్ పెట్టడం కాదు, మొత్తం కలిపి నూరు శాతం చార్జి ఖర్చు కావడం. ఇవాళ సగం, రేపు సగం ఖర్చయితే రెండూ కలిసి ఒక సైకిల్. రెండు రోజుల వాడకానికి ఆ అంకె ఒకటో రెండో ఉంటుంది, చాలా గట్టిగా వాడితే మూడు. ఇది బ్యాటరీలోనే ఉండే చిప్‌లో ఉంటుంది కాబట్టి విండోస్‌ని రీసెట్ చేసినా చెరిగిపోదు. అదే రిపోర్ట్‌లో రోజువారీ వాడకం కూడా ఉంటుంది కానీ అది రీసెట్ చేస్తే పోతుంది. అలాగే డిస్క్ కూడా తను ఎన్ని గంటలు నడిచిందో లెక్క పెట్టుకుంటుంది, CrystalDiskInfo లాంటి ప్రోగ్రామ్‌లో Power On Hours అని కనబడుతుంది.

ఈ అంకెలకి హద్దులున్నాయి, అవి తెలియకుండా వాటి మీద పందెం కాయకండి. కొన్ని మోడల్స్‌లో సైకిల్ కౌంట్ దగ్గర సున్నా గానీ గీత గానీ వస్తుంది, తయారీదారు ఆ వివరం ఇవ్వలేదన్నమాట. ఎప్పుడూ చార్జర్ పెట్టి వాడితే సైకిల్స్ పెరగవు, కాబట్టి తక్కువ అంకె ఉంటే తక్కువ వాడినట్టే అని ఖాయంగా చెప్పలేం, వాళ్లు ఆ మెలిక పెట్టొచ్చు. డిస్క్ గంటల్లో తక్కువ పవర్‌లో పడుకున్న సమయాన్ని కొన్ని డిస్కులు లెక్కపెట్టవు, ఫ్యాక్టరీలో పరీక్షించిన గంటలు కొన్ని ముందే ఉండొచ్చు. అయినా రెండు అంకెలూ కలిపి చూస్తే ‘రెండు రోజులు’ అన్నదానికీ ‘రెండు నెలలు’ అన్నదానికీ తేడా మాత్రం స్పష్టంగా తెలిసిపోతుంది, మనకి కావలసింది అంతే.

మీ లాప్‌టాప్ ఇప్పుడు వాళ్ల దగ్గరుంది, మీరు చూడలేరు. మంచిదే, వాళ్లనే చూడమనండి. ‘వాడినట్టు తేలింది అన్నారు కదా, ఎంత వాడినట్టు తేలింది? బ్యాటరీ సైకిల్ కౌంట్, డిస్క్ గంటలు చెప్పండి’ అని అడగండి. చూసి చెప్తే మీ మాటకే బలం, చూడకపోతే ‘తేలింది’ అన్నది ఏ లెక్కా లేకుండా అన్న మాటని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఇంకో అవకాశం కూడా ఉంది. ఆ అంకె నలభయ్యో యాభయ్యో వచ్చిందనుకోండి, అది మీరు రెండు రోజుల్లో పెంచగలిగింది కాదు, అంటే ఎవరో తిరిగి పంపినదాన్ని మీకు కొత్తదని అమ్మి ఉండొచ్చు. అలా జరుగుతుంది, ఎక్కువసార్లు కాదు గానీ జరుగుతుంది. మొదటి మెయిల్‌లోనే ఈ అనుమానం పెట్టకండి, రుజువు లేని నింద వేస్తే మీ మాట పలచబడుతుంది. అంకె వచ్చాక చూసుకుందాం.

ఈ సమాధానం చదివే మిగతావాళ్లకి ఒక మాట: వస్తువు ఇంకా మీ చేతిలోనే ఉంటే ఇవన్నీ పంపక ముందే తీసిపెట్టుకోండి. సీరియల్ నంబరు, సైకిల్ కౌంట్ ఒకే ఫొటోలో పడేలా చూసుకోండి.

యూజర్ అకౌంట్ విషయానికి వస్తే, అకౌంట్ ఉండటం వాడి చెడగొట్టినట్టు కాదు, దాన్ని తీసేయడం రీసెట్‌తో అయిపోయే పని. కానీ ఇందులో వాళ్ల వైపు న్యాయం ఒకటుంది, దాన్ని మీరు ముందే తీర్చేయాలి. ఆ లాప్‌టాప్ మీ అకౌంట్‌కి లాక్ అయి ఉంటే, లేదా డిస్క్‌ని తెరిచే పాస్‌వర్డ్ గానీ కీ గానీ మీ దగ్గరే ఉంటే, దాన్ని పరీక్షించడం, మళ్లీ అమ్మడం వాళ్లకి కష్టమవుతుంది. మీ ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లి డివైజ్‌ల జాబితాలోంచి ఆ లాప్‌టాప్‌ని తీసేయండి, పాస్‌వర్డ్‌లు మార్చుకోండి, అందులో లాగిన్ అయి ఉన్నవన్నీ సైన్ అవుట్ చేయండి. మీ ఫైళ్లు అందులో ఉన్నాయంటే రీసెట్ చేయడానికి మీకు అభ్యంతరం లేదని రాతపూర్వకంగా చెప్పండి. అయితే సైకిల్ కౌంట్, డిస్క్ గంటలు నోట్ చేసుకున్నాకే రీసెట్ చేయమనండి.

ఇక ఆ గీత. ఇక్కడే చాలామంది తడబడతారు. ఆ గీత మీ వల్ల పడిందా కాదా అని మీకే ఖాయంగా తెలియకపోవచ్చు. తెలియనిదాన్ని ‘నేను వేయలేదు’ అని ఒట్టేసి చెప్పకండి. చెప్పగలిగింది చెప్పండి: ‘అప్పగించినప్పుడు నాకు కనబడలేదు, పికప్ అప్పుడు మీ కొరియర్ చూసి తీసుకున్నాడు.’ చాలా కొరియర్లు పికప్ సమయంలో తమ యాప్‌లో వస్తువు స్థితి నమోదు చేస్తారు, ఫొటో తీస్తారు. ఆ రికార్డు అడగండి. శుక్రవారం మీ గుమ్మం దగ్గర వాళ్ల మనిషి చేతిలోకి వెళ్లింది, గోడౌన్‌లో విప్పేదాకా అది ఎన్ని చేతులు మారిందో మీకు తెలియదు, ఆ దారి మొత్తం సాధారణంగా వాళ్ల బాధ్యత. వాళ్లు పంపిన ఫొటోని కూడా కాస్త పరికించి చూడండి. సీరియల్ నంబరు కనబడుతోందా? లేకపోతే అది మీ లాప్‌టాపే అని ఆ ఫొటో చెప్పడం లేదు. రోజుకి ఎన్నో ఒకేలాంటి వస్తువులు వచ్చే చోట ఫొటోలు తారుమారు కావడం వింత కాదు. బయటి పెట్టె ఫొటో ఉందా? పెట్టె నలిగి ఉంటే కథ వేరు.

గీతకీ స్క్రీన్‌కీ సంబంధం ఉందని వాళ్లు తర్వాత అనొచ్చు, ‘కింద పడేశారు, అందుకే స్క్రీన్ పాడైంది’ అని. దానికి సిద్ధంగా ఉండండి. దెబ్బ తగిలిన స్క్రీన్‌లో సాధారణంగా పగులు గానీ, సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ గానీ, కదలకుండా ఒకేచోట నిలిచిపోయే గీతలు గానీ కనబడతాయి, మూత కదిపినంత మాత్రాన అవి తగ్గవు, పెరగవు. మీది మూత కదిలిస్తే మారుతోంది. అది సాధారణంగా లోపల స్క్రీన్‌కి వెళ్లే కేబుల్ దగ్గరి తేడా. ఇది మీకు తెలిసి ఉండటానికి చెప్తున్నా, మెయిల్‌లో ‘కేబుల్ లూజ్’ అని మాత్రం రాయకండి. కారణం మీరు చెప్పారంటే దాన్ని నిరూపించే బరువు మీ నెత్తిన పడుతుంది, రేపు అది కేబుల్ కాక ఇంకేదో అని తేలితే మీ ఫిర్యాదే తప్పు అంటారు. కనబడింది రాయండి చాలు: ఏ మూల, ఎప్పుడు, మూత ఏ కోణంలో ఉంటే ఎక్కువ.

వీడియో ఒరిజినల్ ఫైల్‌ని అలాగే ఉంచండి, కాపీ మాత్రమే పంపండి. మెసేజింగ్ యాప్‌ల ద్వారా పంపితే సైజు తగ్గించేస్తాయి, తీసిన తేదీ వివరాలు కూడా పోతుంటాయి, కాబట్టి ఈమెయిల్‌లో జత చేయండి, లేకపోతే ఫైల్ షేరింగ్ లింక్ ఇవ్వండి. ఒక చిన్న చిక్కు ఉంది, స్క్రీన్‌ని ఫోన్‌తో తీస్తే కొన్నిసార్లు బాగున్న స్క్రీన్ మీద కూడా చారలు మినుకుమన్నట్టు పడతాయి, ‘అది కెమెరా మాయ’ అని వాళ్లు కొట్టిపారేయొచ్చు. మీ వీడియోలో మిగతా స్క్రీన్ నిలకడగా ఉండి ఆ ఒక్క మూలే మినుకుమంటోందా చూసుకోండి. అలా ఉంటే ఆ మాట మెయిల్‌లో రాయండి, ఎందుకంటే కెమెరా వల్ల వచ్చే చారలు ఒక మూలకే పరిమితం కావు.

ఇప్పుడు మెయిల్. నేనైతే ఇలా రాస్తాను, వివరాలు మీవి పెట్టుకోండి:

> విషయం: ఆర్డర్ నంబరు ___, రిటర్న్ నంబరు ___ – తిరస్కరణపై అభ్యంతరం
>
> నమస్తే,
>
> ఈ లాప్‌టాప్ (సీరియల్ నంబరు ___) స్క్రీన్‌లో లోపం ఉన్నందువల్ల నేను వెనక్కి పంపాను. రిటర్న్ పెట్టినప్పుడు ఇచ్చిన కారణం కూడా అదే, స్క్రీన్‌షాట్ జత చేశాను. మీ మెయిల్‌లో ఆ లోపం గురించి ఏమీ లేదు.
>
> లాప్‌టాప్ ___ తేదీ సోమవారం సాయంత్రం అందింది. ఆ రాత్రి సెటప్ చేశాను. మంగళవారం సుమారు ___ గంటలు వాడాను. ఆ రోజే కుడివైపు కింది మూల మినుకుమనడం చూశాను, మూత కదిపినప్పుడు ఎక్కువైంది. మిగతా స్క్రీన్ మామూలుగానే ఉంది. అదే రోజు తీసిన వీడియో జత చేశాను. బుధవారం ఉదయం రిటర్న్ పెట్టాను, శుక్రవారం మీ కొరియర్‌కి అప్పగించాను. లోపం తెలియడానికి అవసరమైన మేరకే వాడాను, యూజర్ అకౌంట్ సెటప్‌లో భాగంగా పెట్టినది. అకౌంట్‌లోంచి ఈ డివైజ్‌ని తీసేశాను, మీరు రీసెట్ చేసుకోవచ్చు.
>
> మూత మీద గీత అప్పగించినప్పుడు నాకు కనబడలేదు. మీరు పంపిన ఫొటోలో సీరియల్ నంబరు లేదు.
>
> దయచేసి ఇవి రాతపూర్వకంగా తెలపండి: స్క్రీన్ లోపాన్ని పరీక్షించారా, పరీక్షిస్తే ఎలా, ఫలితం ఏమిటి, రీసెట్ చేయక ముందు చూసిన బ్యాటరీ సైకిల్ కౌంట్, డిస్క్ నడిచిన గంటలు, పికప్ సమయంలో కొరియర్ నమోదు చేసిన వివరాలు, ఫొటోలు, మీ నిబంధనల్లో ఏ వాక్యం ఆధారంగా తిరస్కరించారో ఆ వాక్యం. తిరస్కరణకి ఇంకేవైనా కారణాలుంటే అవి కూడా ఇప్పుడే తెలపండి.
>
> నేను కోరుతున్నది పూర్తి రిఫండ్. ___ తేదీలోగా జవాబు ఇవ్వండి. ఈ విషయం తేలేదాకా లాప్‌టాప్‌ని అలాగే ఉంచండి.

ఇందులో కొన్ని ముక్కలు ఎందుకున్నాయో చెప్పాలి. ‘ఇంకేవైనా కారణాలుంటే ఇప్పుడే తెలపండి’ అన్నది ఊరికే పెట్టలేదు. మొదట ‘వాడారు’ అంటారు, అది నిలవకపోతే ‘పడేశారు’ అంటారు, అదీ నిలవకపోతే ‘చార్జర్ లేదు’ అంటారు. ఒక్కో కారణానికి వారం చొప్పున మీ గడువులన్నీ కరిగిపోతాయి. మీరు అడిగారు, వాళ్లు చెప్పలేదు, తర్వాత కొత్త కారణం తెచ్చారు అన్న వరస చదివేవాళ్లకి కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. గడువు తేదీ వారం రోజుల తర్వాత పెట్టండి, ‘త్వరగా’ అని రాస్తే దానికి అర్థం లేదు. రిఫండ్ గానీ రీప్లేస్‌మెంట్ గానీ మీకు కావలసింది ఒక్కటే అడగండి, ‘ఏదో ఒకటి చేయండి’ అంటే వాళ్లకి సులువైన మూడోది చేస్తారు. ‘కోర్టుకి లాగుతా, సోషల్ మీడియాలో పెడతా’ లాంటివి ఈ మెయిల్‌లో వద్దు. చేయదలిస్తే చేయండి, బెదిరింపు అయితే మీ ఫైల్‌ని చర్చించే మనిషి దగ్గర్నుంచి తప్పించి లీగల్ వాళ్ల బల్ల మీదికి పంపుతుంది, అక్కడ అది నిద్రపోతుంది.

పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, కొత్త టికెట్ తెరవకండి. కొత్తది తెరిస్తే ఇంకో మనిషికి వెళ్లి, ముందు జరిగినదేదీ చూడకుండా పాత జవాబే మళ్లీ వస్తుంది. వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడండి, పెట్టేశాక ‘ఇప్పుడు ఫోన్‌లో మీరు చెప్పింది ఇది’ అని అదే మెయిల్ వరసలో రెండు లైన్లు రాసేయండి.

దీనికి ఏం జవాబు వస్తుందో కూడా ముందే ఊహించుకోవచ్చు. ‘మా పాలసీ ప్రకారం వాడిన వస్తువులు తీసుకోం’ అని వస్తే ఆ పాలసీ పేజీ తెరిచి చదవండి, మీరు కొన్న నాటికి ఉన్నది. చాలాచోట్ల ఆ వాక్యం మనసు మారి పంపేవాటి కింద ఉంటుంది, లోపం ఉన్నవాటికి వేరే పేరా ఉంటుంది. ఆ రెండో పేరాని మక్కీకి మక్కీ కోట్ చేసి ‘నా రిటర్న్ దీని కిందికి వస్తుంది’ అని రాస్తే చాలు. ‘సగం డబ్బు ఇస్తాం’ అని వస్తే తొందరపడి ఒప్పుకోకండి. ఏ నష్టానికి ఎంత కోశారో లెక్క అడగండి, వాళ్ల ‘ఒప్పుకుంటున్నాను’ బటన్ నొక్కితే అది తుది పరిష్కారం కిందికి వెళ్తుందా అన్నది నొక్కకముందే చదవండి. గీత వరకు ఏదైనా కోత పెడతామంటే అది వేరే చర్చ, గీత మీ చేతిలో ఉండగానే పడిందని మీకు అనిపిస్తే ఆ కోతకి ఒప్పుకోవడంలో తప్పు లేదు. కానీ స్క్రీన్ లోపానికీ దానికీ ముడిపెట్టనివ్వకండి.

నాకు గట్టి జవాబు అనిపించేది ‘పరీక్షించాం, లోపం మాకు కనబడలేదు’ అన్నది. ఇది వస్తే వాళ్లు కనీసం మీ ప్రశ్నలోకి వచ్చారని అర్థం, ఇక్కడ మీరు మర్యాదగా, పట్టుగా ఉండాలి. ఉండీ ఉండీ వచ్చే లోపం అది, మూత నిటారుగా పెట్టి రెండు నిమిషాలు చూస్తే దొరకకపోవచ్చు. ఎంతసేపు చూశారు, మూతని ఏయే కోణాల్లో కదిపారు, వేడెక్కాక చూశారా, బయటి మానిటర్ పెట్టి పోల్చారా అని అడగండి. బయటి మానిటర్‌లో బాగుండి ఈ స్క్రీన్‌లోనే తేడా వస్తే అది లాప్‌టాప్ తెర వైపు తప్పు. విండోస్ మొదలుకాక ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లో కూడా మినుకుమంటే సాఫ్ట్‌వేర్ కాదన్నమాట. ‘నా వీడియోలో ఇన్నో సెకను దగ్గర మూత కదిపినప్పుడు మొదలైంది, అదే కోణంలో మీరు చూడండి’ అని సెకన్లతో సహా చెప్పండి.

వారంలో జవాబు రాకపోయినా, మళ్లీ అదే పాట పాడినా, ప్లాట్‌ఫామ్ ద్వారా కొని ఉంటే అమ్మకందారుని వదిలి ప్లాట్‌ఫామ్ వివాద విభాగానికి ఇదే మెయిల్ వరసని పంపండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ అడగొచ్చు, అంటే కట్టిన డబ్బు అమ్మినవాడి నుంచి వెనక్కి ఇప్పించమని కోరడం. అక్కడ ఎంచుకునే కారణం ముఖ్యం: ‘వస్తువు లోపంతో వచ్చింది, చెప్పినట్టు లేదు’ అన్నది ఎంచుకోండి. ‘రిఫండ్ రాలేదు’ అన్నది ఎంచుకుంటే, రిఫండ్ ఇస్తామని వాళ్లు ఒప్పుకున్న రుజువు అడుగుతారు, అది మీ దగ్గర లేదు. లోపంతో పాటు బ్యాంకు ముఖ్యంగా చూసేవి రెండు, మీరు వస్తువు వెనక్కి ఇచ్చారా, అమ్మినవాడితో తేల్చుకోవడానికి నిజంగా ప్రయత్నించారా అన్నవి. పై మెయిల్ రెండింటికీ రుజువు. కార్డు నెట్‌వర్క్‌ల గడువు సాధారణంగా 120 రోజుల దాకా ఉంటుంది, మీ బ్యాంకు ఇంకా తక్కువ పెట్టి ఉండొచ్చు, కాబట్టి ఆ తేదీ ఇవాళే కనుక్కుని పెట్టుకోండి, ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆగిపోవద్దు. వినియోగదారుల చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మీరున్న చోటిది చూసుకోండి, అక్కడికి వెళ్లినా ముందు అడిగేది ఈ కాగితాలే.

ఇక్కడిదాకా రాకముందే, అడగకుండానే వాళ్లు లాప్‌టాప్‌ని తిరిగి మీకే పంపేయొచ్చు, ఇది చాలా మామూలు. తీసుకోనని పార్సిల్‌ని వాపసు పంపకండి. అది దారిలో ఎక్కడో ఆగిపోతే వస్తువు ఎవరి దగ్గరుందో తెలియక మీ కేసే చిక్కులో పడుతుంది. తీసుకోండి, కానీ తీసుకునే ముందే ఒక లైన్ మెయిల్ పెట్టండి: ‘పార్సిల్ అందుకుంటున్నది భద్రత కోసమే, తిరస్కరణని ఒప్పుకుని కాదు.’ ఈసారి పెట్టె విప్పడం వీడియో తీయండి, లేబుల్ దగ్గర మొదలుపెట్టి సీరియల్ నంబరు, గీత, స్క్రీన్ దాకా ఆపకుండా ఒకే వరసలో. సీరియల్ నంబరు మీ బిల్లులో ఉన్నదేనా చూడండి. వెంటనే బ్యాటరీ రిపోర్ట్ తీయండి. ఆ తర్వాత దాన్ని వాడటం మొదలుపెట్టకండి, అప్పుడు ‘వాడారు’ అన్న మాట నిజంగానే నిలబడుతుంది. తయారీదారు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి పరీక్ష మాత్రం చేయించి, లోపం ఏమిటో, అది దెబ్బ వల్ల వచ్చిందా కాదా అన్నది వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. రిపేర్‌కి మాత్రం ఒప్పుకోకండి, లోపాన్ని బాగుచేసేశాక రిఫండ్ దేనికని అడుగుతారు. ఆ కాగితాన్ని అదే మెయిల్ వరసలో జత చేసి, కొత్త గడువు తేదీ వేసి పంపండి.